మోనోబ్లాక్ పంపు మాన్యువల్‌కి విడిభాగాల యానిమేషన్: Auto Explode కొడితే ముక్కలు ఎటుబడితే అటు పోతున్నాయి

జీడిమెట్ల_డ్రాయింగ్
అందరికీ నమస్తే. మాది జీడిమెట్లలో చిన్న పంపుల కంపెనీ. ఒక హెచ్‌పీ మోనోబ్లాక్ పంపుకి మాన్యువల్ కొత్తగా వేస్తున్నాం. మెకానికల్ సీల్ మార్చే పేజీలో క్యూఆర్ కోడ్ పెట్టి, స్కాన్ చేస్తే పంపు విడిపోయి మళ్లీ కలిసే వీడియో రావాలని మా సార్ అంటున్నారు. నేను ఫ్యూజన్‌లో పని చేస్తాను. మోడల్ వేరే సాఫ్ట్‌వేర్‌లో గీసింది, స్టెప్ ఫైల్‌గా తెచ్చుకున్నాను.

Animation లోకి వెళ్లి Auto Explode: All Levels కొట్టాను. బోల్టులు ఒక పక్కకి, కేసింగ్ ఇంకో పక్కకి పోయాయి. తాళం చెవి (షాఫ్ట్ మీది కీ) కదల్లేదు. సీల్ అయితే మొత్తం ఒకే ముక్కగా షాఫ్ట్‌కి అడ్డంగా బయటికి వచ్చింది. పైగా ప్లే చేస్తే బొమ్మ మధ్యమధ్యలో గిరగిరా తిరుగుతోంది, నేనేమీ తిప్పమనలేదు. విడదీసేది ఎలాగోలా తెచ్చినా, తిరిగి బిగించేది ఎలా తేవాలో తెలియడం లేదు. ఇలాంటివి చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

క్లిక్_రాజు
ఇంత టెన్షన్ ఎందుకు బ్రో. Auto Explode వదిలేయండి, Manual Explode వాడండి, ముక్కని పట్టుకుని ఎటు కావాలంటే అటు లాగొచ్చు. విడదీసేది ఒక్కటి శుభ్రంగా చేసుకుని, వీడియో ఎడిటర్‌లో రివర్స్ కొడితే బిగించేది వచ్చేస్తుంది. అరగంట పని.

ప్లైవుడ్_కార్తీక్
ఇదే డౌట్ నాక్కూడా. మాది కొంపల్లిలో మాడ్యులర్ ఫర్నిచర్. వార్డ్‌రోబ్‌కి కామ్ లాక్, చెక్క డోవెల్, మేకులు అన్నీ విడదీసి చూపిస్తే బొమ్మలో ముల్లుపంది లాగా వస్తోంది. సాలిడ్‌వర్క్స్‌లో ఎన్ని స్టెప్పులు పెట్టుకోవచ్చు?

కీఫ్రేమ్_కవిత
కార్తీక్ గారూ, మీ సమస్య వేరు. అక్కడ ముక్కలు ఎక్కువ, కానీ అన్నీ ఒకే రకం పని చేస్తాయి. ఒక మూల మాత్రం దగ్గరగా చూపించి, "మిగతా మూలలూ ఇలాగే" అంటే సరిపోతుంది. స్టెప్పుల సంఖ్య గురించి ఆలోచించాల్సిన అవసరం ఉండదు.

జీడిమెట్ల అన్నా, మీ పోస్టులో మూడు వేరువేరు జబ్బులున్నాయి.

మొదటిది సీల్. ఫ్యూజన్ Animation లో కదిలేది కాంపొనెంట్ మాత్రమే, బాడీ కాదు. స్టెప్ ఫైల్‌లో సీల్ మొత్తం ఒక కాంపొనెంట్‌గా, లోపల మూడు నాలుగు బాడీలుగా వచ్చి ఉంటుంది. అందుకే మొత్తం ఒకే ముక్కగా కదిలింది. Design కి తిరిగి వెళ్లి, ఎడమ పక్క బ్రౌజర్‌లో సీల్ కింద ఉన్న Bodies మీద రైట్ క్లిక్ చేసి Create Components from Bodies కొట్టండి. సిరామిక్ సీటు దాని రబ్బరుతో కలిపి ఒకటి, కార్బన్ ముఖం దాని రబ్బరు తొడుగుతో కలిపి ఒకటి, స్ప్రింగ్ ఒకటి. చేత్తో పట్టుకుని పెట్టేటప్పుడు ఎన్ని ముక్కలో, బొమ్మలోనూ అన్ని ముక్కలే ఉండాలి. రబ్బరుని సీటు నుంచి విడదీసి చూపిస్తే, వాడే మనిషి కూడా దాన్ని ఊడబీకుతాడు. కీ కదలకపోవడానికీ ఇదే కారణం కావచ్చు, అది షాఫ్ట్‌లో ఒక బాడీగా ఉందేమో చూడండి.

రెండోది గిరగిరా తిరగడం. Animation లో పైన View అని ఒక బటన్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే, టైమ్‌లైన్ మీద పని చేస్తూ మీరు మౌస్‌తో బొమ్మని తిప్పిన ప్రతిసారీ కెమెరా కదలికగా రికార్డ్ అవుతుంది. దాన్ని ఆఫ్ చేసి పని చేయండి. కింద టైమ్‌లైన్‌లో కెమెరా వరుసలో ఇప్పటికే పడిన ముక్కలన్నీ తీసేయండి. కెమెరా నిజంగా కదలాల్సిన చోట మాత్రమే ఆన్ చేసుకోవాలి.

మూడోది Auto Explode. దానికి మీ పంపు ఎలా విప్పుతారో తెలియదు, ఏది ముందు ఏది వెనక అన్న ఆలోచన అందులో ఉండదు. రాజు గారు చెప్పినట్టు చేత్తో కదపడమే దారి, అందులో నాకు అభ్యంతరం లేదు. రివర్స్ సంగతి మాత్రం ఆగండి, దానికి విడిగా వస్తాను. ముందు ఒకటి చెప్పండి: మీరు ఏ వరుసలో విప్పి చూపించాలనుకుంటున్నారు?

జీడిమెట్ల_డ్రాయింగ్
థాంక్స్ మేడమ్. View బటన్ ఆఫ్ చేశాక గిరగిరా ఆగింది! కీ సంగతి మీరన్నదే, షాఫ్ట్‌లో కలిసిపోయి ఉంది.

నేను అనుకున్న వరుస: ముందు కేసింగ్ బోల్టులు నాలుగు, తర్వాత కేసింగ్ ముందుకి, దాని ఓ-రింగ్, ఇంపెల్లర్ నట్, వాషర్, ఇంపెల్లర్, కీ, ఆ తర్వాత కార్బన్, స్ప్రింగ్, చివరికి అడాప్టర్‌లోని సిరామిక్ సీటు. అన్నీ షాఫ్ట్ లైన్‌లో ముందుకే వస్తాయి. మోటార్ కదలదు.

రాణిగంజ్_మోటార్స్
అన్నా, నాకు కంప్యూటర్ రాదు, పంపులు వచ్చు. మా షాపులో రోజూ ఇవే విప్పుతాం. మీ వరుసలో రెండు తప్పులున్నాయి.

ఒకటి, మీరు కేసింగ్ ముందుకి పోయి మోటార్ ఆగుతుంది అంటున్నారు. ఇంట్లో బిగించిన పంపులో జరిగేది దానికి పూర్తిగా ఉల్టా. సక్షన్ పైపు, డెలివరీ పైపు రెండూ కేసింగ్‌కే ఉంటాయి. వాటిని కోసి ఎవరూ సీల్ మార్చరు. మోటార్ కాళ్ల బోల్టులు విప్పుతాం, కేసింగ్ బోల్టులు విప్పుతాం, మోటార్‌ని వెనక్కి లాగుతాం. ఇంపెల్లర్, సీల్ అన్నీ మోటార్‌తోనే బయటికి వస్తాయి. మీ వీడియో చూసి ప్లంబర్ పైపులు కోసేస్తే తిట్లు మీకు వస్తాయి.

రెండోది, కార్బన్ ముందు, తర్వాత స్ప్రింగ్ అన్నారు. ఇంపెల్లర్ తీయగానే చేతికి తగిలేది స్ప్రింగ్ వైపు. కార్బన్ ముఖం లోపలికి, సిరామిక్‌కి ఆనుకుని ఉంటుంది. మీ మోడల్‌లో సీల్ తిరగబడి కూర్చుందేమో చూడండి. అలా బిగిస్తే ఆన్ చేసిన వెంటనే షాఫ్ట్ దగ్గర నీళ్లు కారుతాయి.

కీఫ్రేమ్_కవిత
రాణిగంజ్ అన్న చెప్పింది బంగారం. అసలు మొత్తం యానిమేషన్ రూపం దీన్ని బట్టే మారిపోతుంది. కేసింగ్ నేలకి కట్టేసినట్టు ఆగాలి. మోటార్, అడాప్టర్, షాఫ్ట్, సీల్, ఇంపెల్లర్ అన్నీ ఒకే గుంపుగా వెనక్కి జరగాలి. ఫ్యూజన్‌లో Transform Components తెరిచి, బ్రౌజర్‌లో వాటన్నిటినీ కంట్రోల్ నొక్కి ఎంచుకుని, షాఫ్ట్ దిశలో ఒక్కసారే కదపండి.

ఎంత దూరం కదపాలో కంటి లెక్కన వేయకండి. ఇంపెల్లర్ కేసింగ్ నోటి నుంచి పూర్తిగా బయటపడాలి, తర్వాత చెయ్యి పట్టేంత ఖాళీ కనిపించాలి. మీ ఇంపెల్లర్ కేసింగ్‌లోకి సుమారు 45 ఎంఎం దూరి ఉందనుకుందాం. అప్పుడు 45 దగ్గర ఆపితే అంచులు తాకినట్టే ఉంటాయి, 100 కి జరిపితే విడిపోయినట్టు తెలుస్తుంది. షాఫ్ట్ మీద కూర్చున్న ముక్కలకి కూడా ఇదే సూత్రం: ముందు షాఫ్ట్ కొస దాటేంత దూరం నేరుగా రావాలి, దాటాకే పక్కకి జరగాలి. మధ్యలో పక్కకి తిప్పితే ఇనుము గుండా ఇనుము పోయినట్టు కనిపిస్తుంది. ప్లే హెడ్‌ని నెమ్మదిగా లాగుతూ చూస్తే ఇది వెంటనే పట్టుబడుతుంది, మామూలు వేగంతో చూస్తే కన్ను మోసపోతుంది.

ఇంకో చిక్కు: టైమ్‌లైన్ మొదట్లో సున్నాకి ముందు Scratch Zone అని చిన్న పట్టీ ఉంటుంది. ప్లే హెడ్ అక్కడ ఉన్నప్పుడు కదిపింది కదలికగా రికార్డ్ అవదు, వీడియో మొదలయ్యేసరికే ముక్క అక్కడికి చేరిపోయి ఉంటుంది. ముక్క "దూకింది" అనిపిస్తే ముందు ఇది చూడండి.

క్లిక్_రాజు
సరే, మోటార్ వెనక్కే పోనివ్వండి. దాన్ని రివర్స్ చేస్తే ముందుకి వస్తుంది కదా? నా మాటలో తప్పేముంది?

కీఫ్రేమ్_కవిత
మోటార్ వరకూ మీ మాట నూటికి నూరు కరెక్ట్ రాజు గారూ, బోల్టులకి కూడా. తేడా సీల్ దగ్గర వస్తుంది. విప్పేటప్పుడు బయటికి వచ్చేది పాత సీల్, పారేసేది. బిగించేటప్పుడు లోపలికి పోయేది కొత్తది, సబ్బు నీళ్లు రాసి, ముఖం మీద వేలు తగలకుండా. రివర్స్ చేస్తే పారేసిన సీలే తిరిగి వచ్చి కూర్చుంటుంది. మీద నంబర్లు, బాణాలు ఉంటే బాణాలు కూడా తప్పుదారి పట్టిస్తాయి: "వదులు చేయి" అన్న బాణం బిగించేటప్పుడూ అదే దిశ చూపిస్తుంది, లేదా వెనక్కి నడుస్తుంది.

అందుకే నేనైతే విప్పడం, బిగించడం వేరు వేరు స్టోరీబోర్డులుగా చేస్తాను. New Storyboard కొట్టినప్పుడు Clean గానా, Start from end of previous గానా అని అడుగుతుంది. విప్పే వరుసలో రెండోది వాడండి, ముందు క్లిప్ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మొదలవుతుంది. బిగించే క్లిప్‌కి Clean తీసుకుని, ప్లే హెడ్‌ని Scratch Zone లో ఉంచి ముక్కలన్నీ విడదీసి పెట్టుకుని, తర్వాత టైమ్‌లైన్‌లోకి వచ్చి ఒక్కొక్కటే Restore Home తో ఇంటికి పంపండి.

అక్కడ కీతో జాగ్రత్త. కీ రెండు అడుగుల్లో బయటికి వస్తుంది: ముందు గాడిలోంచి పైకి, తర్వాత పక్కకి. Restore Home ఆ రెండు అడుగులూ గుర్తుపెట్టుకోదు, ఉన్నచోటు నుంచి గాడిలోకి ఒకే ఏటవాలు గీతలో తెస్తుంది. షాఫ్ట్‌ని కోసుకుంటూ వచ్చినట్టు కనిపిస్తుంది. కీని మాత్రం చేత్తో రెండు కదలికలుగా పెట్టండి.

బ్లెండర్_బాబీ
ఇన్ని పాట్లు పడే బదులు బ్లెండర్‌కి తీసుకెళ్లండి. వెలుతురు, రంగు, నీడ అన్నీ అందంగా వస్తాయి. కేసింగ్‌ని సగం గాజులా చేసి లోపల ఇంపెల్లర్ చూపించొచ్చు, రంగు మారడాన్ని కూడా కీఫ్రేమ్ చేయొచ్చు. ఫ్యూజన్‌లో అవన్నీ కష్టం.

ఒక్క హెచ్చరిక. బ్లెండర్ స్టెప్ ఫైల్‌ని నేరుగా తెరవదు. ఎఫ్‌బీఎక్స్ లాంటి దానిలో పంపితే ముక్కల పేర్లు ఉంటాయి. ఎస్‌టీఎల్‌గా మొత్తం ఒకేసారి పంపితే అంతా ఒకే ముద్దగా వస్తుంది. వచ్చాక ముక్కలన్నిటి ఆరిజిన్ ఒకే చోట ఉంటే, నట్ తిప్పమంటే ఎక్కడో దూరంగా ఉన్న బిందువు చుట్టూ తిరుగుతుంది. Set Origin లోకి వెళ్లి Origin to Geometry కొట్టాలి. నట్ పూర్తి చుట్టు తిరగాలంటే రొటేషన్ మోడ్ XYZ Euler లో ఉండాలి, క్వాటర్నియన్‌లో మొదలూ చివరా ఒకటే కాబట్టి అసలు కదలదు.

కీఫ్రేమ్_కవిత
బాబీ చెప్పినవన్నీ నిజమే. కానీ వచ్చే ఏడాది అడాప్టర్ మారితే ఫ్యూజన్‌లో మోడల్ మార్చుకుని క్లిప్ సరిచూసుకుంటే చాలు, బ్లెండర్‌లో మళ్లీ మొదటినుంచి పంపాలి. చిన్న కంపెనీలో డిజైన్ మారుతూనే ఉంటుంది. ప్రకటన వీడియోకి బ్లెండర్, మాన్యువల్‌కి ఫ్యూజన్ అన్నది నా పక్షపాతం.

బ్లెండర్_బాబీ
ఒప్పుకోను మేడమ్. పేర్లు మారకపోతే మెష్ ఒక్కటే మార్చుకోవచ్చు, కీఫ్రేములు ఆబ్జెక్ట్ మీదే ఉంటాయి. సరే, ఇది మనిద్దరి గొడవ, ఆయన పని చూద్దాం.

జీడిమెట్ల_డ్రాయింగ్
రాణిగంజ్ అన్నా, చూశాను. మీరన్నట్టే స్టెప్ ఫైల్‌లో సీల్ తిరగబడి ఉంది! కొన్న సీల్ కాబట్టి ఎవరూ దాని ముఖం పట్టించుకోలేదు. సరిచేశాను. మోటార్‌ని వెనక్కి లాగే క్లిప్ కూడా అయింది, మా సార్‌కి చాలా నచ్చింది.

ఇప్పుడు స్ప్రింగ్ దగ్గర ఆగిపోయాను. మోడల్‌లో స్ప్రింగ్ నొక్కుకుపోయిన పొడవులో ఉంది, సుమారు 16 ఎంఎం. బయటికి తీస్తే నిజానికి సాగి 22 దాకా వస్తుంది. యానిమేషన్‌లో బయటికి వచ్చాక కూడా నొక్కినట్టే ఉంటోంది. ఇంపెల్లర్ దాన్ని నొక్కడం చూపించడమే అసలు విషయం కదా?

బ్లెండర్_బాబీ
అందుకే బ్లెండర్ అన్నాను. అక్షం దిశలో స్కేల్ కీఫ్రేమ్ చేస్తే సాగుతుంది. తీగ కొంచెం సన్నబడినట్టు, లావైనట్టు మారుతుంది గానీ 16 నుంచి 22 కి అది ఎవరి కంటికీ ఆనదు.

కీఫ్రేమ్_కవిత
ఫ్యూజన్‌లోనూ దారి ఉంది. రెండు స్ప్రింగులు గీయండి: 22 పొడవుది ఒకటి, 16 పొడవుది ఒకటి. బయట ఉన్నంతసేపూ పొడవుది కనిపించాలి. ఇంపెల్లర్ వచ్చి దాన్ని తాకిన క్షణంలో Show/Hide తో పొడవుది దాచి పొట్టిది చూపించండి. మార్పు అతుకు కనిపించకుండా ఉండాలంటే మధ్యలో 19 ది కూడా ఒకటి పెట్టొచ్చు. ఇంపెల్లర్ చివరి 6 ఎంఎం నెమ్మదిగా రావాలి, మిగతా దూరం వేగంగా వచ్చినా ఫర్వాలేదు. టైమ్‌లైన్‌లో ఆ కదలికని రెండుగా విడగొట్టి రెండో పట్టీని పొడుగ్గా లాగండి. చూసేవాడికి "ఇక్కడ కాస్త నొక్కి పట్టాలి" అని అర్థమయ్యేది ఆ వేగం తగ్గడం వల్లే.

రాణిగంజ్_మోటార్స్
మంచిది. నొక్కి పట్టుకుని నట్ ఎక్కించాలి, అక్కడే కొత్తవాళ్ల చెయ్యి జారుతుంది. ఇంకో రెండు మాటలు. వీడియో మొదటి బొమ్మలో మెయిన్ స్విచ్ ఆఫ్ చేసింది, వాల్వ్ మూసింది ఉండాలి. మా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు కొందరు తెలుగు చదువుతారు, కొందరు హిందీ, కొందరు ఉర్దూ, కొందరు ఏదీ చదవరు. రాతలు పెట్టకండి, నంబర్లు పెట్టండి. ఆ నంబర్ పుస్తకంలో బొమ్మ పక్కన ఉన్న నంబర్ ఒకటే కావాలి. పుస్తకంలో 7 ఇంపెల్లర్, వీడియోలో 4 ఇంపెల్లర్ అయితే నేను షాపులో ఏ సామాను ఇవ్వాలి?

కీఫ్రేమ్_కవిత
నంబర్లకి Create Callout ఉంది. ఆ ముక్క కదలబోయే ముందు కనిపించి, ఆగాక మాయమయ్యేలా టైమ్‌లైన్‌లో దాని పట్టీ సర్దుకోండి. అన్ని నంబర్లూ ఒకేసారి పెడితే ఫోన్ తెరలో చదవడానికి ఏమీ మిగలదు. సీల్ ముక్కలకి రంగు వేసి మిగతా అంతా బూడిద రంగులో ఉంచితే ఇంకా తేలిక.

వీడియోని ఒకే పొడవు ఫైల్‌గా ఇవ్వకండి. మోటార్ బయటికి, ఇంపెల్లర్ బయటికి, పాత సీల్, కొత్త సీల్, తిరిగి బిగింపు అని వేరువేరు చిన్న క్లిప్పులు ఇవ్వండి. తడి చేత్తో ఫోన్ పట్టుకున్న మనిషి వెనక్కి జరపలేడు, అదే క్లిప్ తిరిగి తిరిగి ఆడుతుండాలి. ఆ చివర ఒక సెకను ఆపండి, లేకపోతే లూప్‌లో అంతం ఎక్కడో ఆరంభం ఎక్కడో తెలియదు.

జీడిమెట్ల_డ్రాయింగ్
Publish Video చేస్తే ఏవీఐ వచ్చింది. ఎంపీ4 చేసి పంపితే మా సార్ ఫోన్‌లో ఆడింది, సేల్స్ అన్న పాత ఫోన్‌లో మాత్రం నల్లగా వస్తోంది. ఫైల్ పాడైందా?

కీఫ్రేమ్_కవిత
ఫైల్ పాడవ్వలేదు. రంగుల ఫార్మాట్ మామూలు ఫోన్లకి అందనిదిగా వెళ్లి ఉంటుంది. కంప్యూటర్‌లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉంటే ఇలా మార్చండి:

```
ffmpeg -i seal4.avi -c:v libx264 -crf 20 -pix_fmt yuv420p -movflags +faststart seal4.mp4
```

`yuv420p` అన్నదే అసలు మందు. `faststart` వల్ల మొత్తం దిగేదాకా ఆగకుండా మొదలవుతుంది, సెల్లార్‌లో సిగ్నల్ తక్కువ ఉన్నచోట పనికొస్తుంది. పొడవూ వెడల్పూ సరి సంఖ్యలు కాకపోతే ఇది తప్పు చూపిస్తుంది, అప్పుడు Publish లో 1080 × 1920 అని ఇవ్వండి.

క్లిక్_రాజు
నిలువుగానా? పంపు అడ్డంగా ఉంటుంది కదా, నిలువు తెరలో చిన్నదైపోదూ?

కీఫ్రేమ్_కవిత
మంచి ప్రశ్న. షాఫ్ట్‌ని తెరలో మూలనుంచి మూలకి ఏటవాలుగా పెట్టి చూస్తే నిలువులో కూడా పడుతుంది. నేను అలాగే చేస్తాను. రాణిగంజ్ అన్న ఏమంటారో?

రాణిగంజ్_మోటార్స్
నాకు అడ్డమే నయం. పంపు నా కళ్ల ముందు అడ్డంగా ఉంటే బొమ్మ ఏటవాలుగా ఉండటం ఎందుకు? ఫోన్ తిప్పుకోవడం ఎవరికైనా వచ్చు.

బ్లెండర్_బాబీ
మా క్లయింట్లందరూ నిలువే అడుగుతారు.

జీడిమెట్ల_డ్రాయింగ్
`yuv420p` తో సేల్స్ అన్న ఫోన్‌లో ఆడుతోంది, చాలా థాంక్స్ మేడమ్. నిలువా అడ్డమా అన్నది మా సార్‌కి రెండూ తీసి చూపిస్తాను. ఒక్క సంగతి మిగిలింది: ఇంపెల్లర్ నట్ మీద విప్పే బాణం. మా పాత బ్యాచ్‌లో ఎడమ మర, కొత్త బ్యాచ్‌లో కుడి మర. మాన్యువల్ మాత్రం ఒక్కటే. ఇద్దరికీ పనికొచ్చే బాణం ఎలా గీయాలి?

రాణిగంజ్_మోటార్స్
రెండు క్లిప్పులు చేయండి అన్నా. లేదంటే ఆ నట్ మీదే బాణం గుద్దించండి. తప్పు వైపు తిప్పి మర కొట్టేసుకున్న షాఫ్ట్‌లు మా దగ్గరికి రోజూ వస్తాయి.

ప్లైవుడ్_కార్తీక్
మా వార్డ్‌రోబ్‌కి ఒక్క మూల చాలు అన్నారు కదా కవిత గారూ, ఆ మూలలో కామ్ తిరిగే బాణం ఎటు ఉండాలో కూడా చెప్పి పుణ్యం కట్టుకోండి.